రోజుకు వంద రూపాయల్లో 2400 క్యాలరీలు, 80 గ్రాముల ప్రొటీన్: తిరుపతి రూములో కుదురుతుందా?

పలమనేరు_కుర్రోడు (రాత్రి 9:40)

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది పలమనేరు పక్క పల్లె. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదవతా ఉన్నా, బాలాజీ కాలనీ దగ్గర రూము. ఇంట్లో ఉన్నప్పుడు 60 కిలోలు ఉండేవాణ్ణి, ఇప్పుడు 57కి దిగినా. పొద్దున సైకిల్ మీద క్యాంపస్‌కి పోతా, సాయంత్రం జిమ్. సన్నబడాలని నాకు లేదు.

ప్రొటీన్ లెక్క చూసుకునే తింటా ఉన్నా. ఉడికించిన శనగలు 150 గ్రాములు, అంటే 28 గ్రాముల ప్రొటీన్. నానిన మీల్ మేకర్ 100 గ్రాములు, అంటే 52. రెండు గుడ్లకు 12. ఇవి మూడే 92 అవతాయి. ఇవి కాక పొద్దున బండి మీద నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం, రాత్రి కొంచెం అన్నం, కర్రీ పాయింట్ కూర, సాంబారు. రెండు టీలు. అన్నం తగ్గించినా, కొవ్వు పడతాదని.

ఖర్చు మాత్రం రోజుకు 130 దాటతాంది. వంద లోపల పెట్టుకోవాలి. ఇంత ప్రొటీన్ తింటా ఉంటే బరువు ఏంటికి తగ్గతా ఉందో చెప్పండి, చౌకగా ఏం తినాలో కూడా.

జిమ్_సుబ్బు (రాత్రి 9:58)

తమ్ముడూ, దారి కరెక్టే, డోసు చాలలేదు. కిలోకి 1.6 గ్రాములు పడాలి, అంటే నీ పాత 60 కిలోలకు 96. మీల్ మేకర్ డబుల్ చెయ్. ఇడ్లీ పూర్తిగా ఆపెయ్, అందులో ఏమీ లేదు. అన్నం ఒక్క పూట చాలు. డబ్బులుంటే వే ప్రొటీన్ డబ్బా తెచ్చుకో, రోజుకు ఒక స్కూప్. మజిల్ కరిగిపోతోంది, అందుకే బరువు తగ్గుతున్నావు.

రెండు_చక్రాలు

నేనూ తగ్గాలనే చూస్తున్నా బ్రదర్, 84 ఉన్నా. రాత్రి రాగి జావ మాత్రమే తాగు. నెలలో తేడా తెలుస్తుంది. చపాతీ కూడా వద్దు.

బైరాగిపట్టెడ_బ్యాచిలర్

@రెండు_చక్రాలు అన్నా, ఆ అబ్బాయి బరువు తగ్గిపోతోందని మొత్తుకుంటున్నాడు. నువ్వు ఇంకా జావ తాగమంటావు.

@కుర్రోడు, వంద రూపాయల మాటకొస్తే అన్న క్యాంటీన్ ఉంది కదా. పూటకు ఐదు రూపాయలు. మూడు పూటలా తిన్నా పదిహేనే. మిగిలిన 85తో గుడ్లు కొనుక్కో, పాలు కొనుక్కో, సినిమాకి కూడా పో. ఆదివారం ఒక్కరోజు సెలవు, ఆ రోజు కొండెక్కి వెంగమాంబ సత్రంలో కూర్చో 🙂

తూకంరాయి (రాత్రి 10:35)

నేను హోమ్ సైన్స్ చెప్పి రిటైరైనదాన్ని, తిరుపతే. అబ్బాయి రాసిన లెక్క ఒకసారి ఓపిగ్గా చూడండి. చిక్కంతా అక్కడే ఉంది.

శనగల్లో నూటికి 19 గ్రాముల ప్రొటీన్ అన్నది ఎండు శనగల మాట. నానబెట్టి ఉడికిస్తే అవి నీళ్లు తాగి రెండింతలకు పైగా బరువెక్కుతాయి. నువ్వు తినే 150 గ్రాముల ఉడికిన శనగలు అసలు 65, 70 గ్రాముల ఎండు శనగలే. ప్రొటీన్ 13 గ్రాములు, 28 కాదు. మీల్ మేకర్ ఇంకా మోసం చేస్తుంది. 52 అన్నది ప్యాకెట్టులో ఉన్న ఎండు ముక్కలకు. నానాక అవి దాదాపు మూడింతల బరువు తూగుతాయి. నీ వంద గ్రాములు 34 గ్రాముల ఎండువి, అంటే 17 గ్రాముల ప్రొటీన్. కాబట్టి ఆ 92 నిజానికి 42.

ఇంకోవైపు, నువ్వు లెక్కలోనే పెట్టనిది అన్నం. బియ్యంలో నూటికి ఏడు, ఎనిమిది గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. తగ్గించాక కూడా నువ్వు రెండు పూటలా కలిపి ఒక 200 గ్రాముల బియ్యం తింటూ ఉంటావు, అదొక 15. ఇడ్లీల్లో మినప్పప్పు ఉంది కాబట్టి నాలుగింటికి ఏడు. సాంబారు, కూర కలిపి నాలుగు అనుకుందాం. అంతా కూడితే 68 దాకా వస్తుంది. 57 కిలోల మనిషికి అది తక్కువేం కాదు.

ఇప్పుడు అవే పదార్థాల క్యాలరీలు చూడు. అన్నం 700, ఇడ్లీలు 220, శనగలు 230, మీల్ మేకర్ 115, గుడ్లు 140, కూరలో నూనె, సాంబారు కలిపి 250, టీలు 120. మొత్తం 1775. సైకిలు, జిమ్ ఉన్న కుర్రవాడికి 2400 పైన కావాలి. రోజూ ఆరువందలు తక్కువ పడుతోంది.

ఒంటికి ముందు కావలసింది శక్తి. అది చాలకపోతే నువ్వు డబ్బు పోసి కొన్న ప్రొటీన్‌ను కూడా పొయ్యిలో కట్టెలా తగలబెట్టుకుంటుంది. సుబ్బు గారు చెప్పినట్టు అన్నం ఇంకా తగ్గించి మీల్ మేకర్ రెట్టింపు చేస్తే 115 క్యాలరీలు కలిసి 350 పోతాయి. బరువు ఇంకా దిగుతుంది.

రూములో ఏం వండుకోవచ్చు? గ్యాస్ ఉందా? ఇంటి నుంచి ఏమైనా వస్తుందా? అది చెబితే సరుకుల లెక్క వేస్తాను.

పలమనేరు_కుర్రోడు

అక్కా, అన్నం కొవ్వు పడతాదని ఆడా ఈడా చూసి తగ్గించినా. గ్యాస్ లేదు, ఓనరు ఒప్పుకోడు. కరెంటు రైస్ కుక్కర్ ఒకటుంది, పైన ఆవిరి గిన్నె కూడా ఉంది. మిక్సీ పక్క రూములో అడుక్కోవచ్చు. ఫ్రిజ్ లేదు. ఊరి నుంచి బియ్యం, రాగిపిండి, చెనిగింజలు వస్తాయి, నెలకొకసారి బస్సులో మా నాయన పంపిస్తాడు. తూకం వేసే మిషను లేదు, ఇంతవరకు జిమ్‌లో ఒకన్న దగ్గర తూచుకున్నా.

నీటికుండ (ఉదయం 7:10)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది లేడీస్ హాస్టల్. మెస్ ఉంది, మెస్ అన్నం, రసం తప్ప గుర్తుండే వస్తువు ఏదీ ఉండదు. రూములో ఎలక్ట్రిక్ కెటిల్ తప్ప ఏమీ పెట్టుకోనివ్వరు. నా బరువు 48. జుట్టు రాలుతోంది, మెట్లెక్కితే ఆయాసం. ప్రొటీన్ తక్కువ అని ఫ్రెండ్స్ అంటున్నారు. కెటిల్‌లో గుడ్లు ఉడకబెట్టుకోవచ్చా మేడమ్?

తూకంరాయి (ఉదయం 8:20)

@నీటికుండ, నీకు విడిగా రాస్తానమ్మా. ముందు ఈ అబ్బాయిది పూర్తి చేయనివ్వు.

తూకం మిషను అక్కర్లేదు. నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పేది ఒకటే పద్ధతి: ప్లేటు చూసి లెక్క వేయొద్దు, నెల సరుకు చూసి వేయండి. ప్లేటులో ఉన్నది నానిందా, ఉడికిందా, నీళ్లెంత అన్న గొడవ ఉంటుంది. సంచిలో ఉన్నది ఎప్పుడూ ఎండుదే, దాని మీద బరువు అచ్చయి ఉంటుంది. నెలకు కిలోన్నర పెసరబేడలు కొని ముప్ఫై రోజుల్లో సరిగ్గా అయిపోతే రోజుకు 50 గ్రాములు తిన్నట్టే. నెలాఖరుకు సంచిలో సగం మిగిలితే నువ్వు తింటున్నది పాతిక. ఏ యాప్ కంటే ఇదే నిజం చెబుతుంది.

నీ కుక్కర్‌కి సరిపడేలా ఒక రోజు చెబుతాను.

పొద్దున పులగం. వంద గ్రాముల బియ్యం, 50 గ్రాముల పెసరబేడలు కలిపి కడిగి, మిరియాలు, జీలకర్ర, ఉప్పు, ఒక చెంచా నూనె వేసి స్విచ్ నొక్కేయడమే. దానికి చెనిగింజల ఊరిబిండి, 20 గ్రాముల గింజలతో. ఈ ఒక్క పూటకే ఏడు వందల దాకా క్యాలరీలు, పాతిక దాకా ప్రొటీన్ వచ్చేస్తుంది. ఇడ్లీ బండి దగ్గర ముప్ఫై పెట్టినా ఇందులో మూడో వంతు రాదు.

మధ్యాహ్నానికి క్యారియర్ కట్టుకో. 120 గ్రాముల బియ్యం, 25 గ్రాముల ఎండు మీల్ మేకర్, ఎర్రగడ్డ, క్యారెట్టు, బీన్స్, ఏ కూరగాయ చౌకైతే అది, అన్నీ ఒకే గిన్నెలో. నూనె ఇక్కడ పిసినారితనం చేయకుండా రెండు చెంచాలు వెయ్యి. కుక్కర్ ఉడుకుతుండగానే పై ఆవిరి గిన్నెలో రెండు గుడ్లు పెట్టేస్తే ఒకటి మధ్యాహ్నానికి, ఒకటి రాత్రికి. పక్కన పెరుగు.

సాయంత్రం జిమ్‌కి ముందు గుప్పెడు పప్పులు, అదేనయ్యా వేయించిన శనగపప్పు, 50 గ్రాములు, దాంతో 20 గ్రాముల చెనిగింజలు, ఒక అరటిపండు. నీ శనగల స్థానంలో ఇవి పెట్టాను, ఎందుకంటే వీటికి నానబెట్టే పనీ ఉడికించే పనీ లేదు, ప్రొటీన్ కాస్త ఎక్కువే.

రాత్రి మన సంగటి. 80 గ్రాముల బియ్యం మెత్తగా ఉడకనిచ్చి, 75 గ్రాముల రాగిపిండి పైన పోసి కాసేపు మూత పెట్టి, తర్వాత కొయ్య గరిటెతో కెలకాలి. ఇనుప గరిటె పెడితే గిన్నె పూత ఊడుతుంది. ఆకుకూర, గుడ్డు, మిగిలిన ఊరిబిండి.

పాలు రోజుకు పావు లీటరు, సగం తోడు పెట్టుకో, సగం తాగు.

ఇవన్నీ కూడితే 2550 క్యాలరీల దగ్గర, ప్రొటీన్ 95 పైన వస్తుంది. అందులో 23 గ్రాములు బియ్యానివే, చూశావా. ధరకొస్తే, బియ్యం, రాగి, చెనిగింజలు ఇంటివి కాబట్టి నీ జేబులోంచి పోయేది గుడ్లకు 13, పాలకు 14, కూరగాయలకు 10, అరటిపండుకు 5, పెసరబేడలకు 6, పప్పులకు 6, మీల్ మేకర్‌కు మూడున్నర, నూనె 3, ఉప్పు కారం కరెంటు ఒక 6. అంటే 67 దాకా. అన్నీ కొనుక్కునేవాళ్లకు ఇంకో 27 కలుపుకుంటే 94. ఇవి నేను కొనే అంగడి ధరలు, మీ వీధిలో రూపాయి అటూ ఇటూ ఉండొచ్చు.

నెల సంచి ఇలా: పెసరబేడలు కిలోన్నర, పప్పులు కిలోన్నర, మీల్ మేకర్ ముప్పావు కిలో, గుడ్లు రెండు ట్రేలు. ఇంటి నుంచి బియ్యం తొమ్మిది కిలోలు, రాగిపిండి రెండుంపావు, గింజలు కిలో 200. మీ నాయనకు ఈ చీటీ పంపించు.

ఉలవచారు (ఉదయం 11:05)

మేడమ్ గారు లెక్క బాగా చెప్పినారు. నేను కొర్లగుంటలో మెస్ నడిపినోణ్ణి, ఇప్పుడు మానేసినా. వండేటప్పుడు యాడ చెడతాదో నేను చెప్తా.

పెసరబేడలు తీసుకోమన్నారే, అది మంచి మాట. ఎందుకంటే రైస్ కుక్కర్‌లో కందిబేడలు అంత సులువుగా ఉడకవు. అది ప్రెషర్ కుక్కర్ కాదు కదా, నీళ్లు ఇగిరితే స్విచ్ ఎగిరిపోతాది, బేడ పలుకుగానే ఉంటాది. కందిబేడలే కావాలంటే వేడినీళ్లలో గంట నానేసి, నీళ్లు ఎక్కువ పోసి, పప్పు మెత్తబడినాకే టమోటా, చింతపండు వెయ్యాల. పులుపు ముందే పడితే ఎంతసేపు ఉడికించినా బిగుసుకునే ఉంటాది.

ఇంకొకటి నీళ్లు. బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే వీధుల్లో పప్పు ఉడకదు. గిన్నె అడుగున, కెటిల్‌లో తెల్లగా సున్నం పేరుకుంటా ఉంటే మీ నీళ్లు అట్లాంటివే అనుకో. నానబెట్టేదానికి, ఉడికించేదానికి క్యాన్ నీళ్లు పోసి చూడు, తేడా తెలుస్తాది. మా మెస్‌లో శనగలు ఉడకలేదని వంటమనిషిని తిడతా ఉంటి, తప్పు నీళ్లది.

మీల్ మేకర్ వాసన కొడతాదని మా పిల్లోళ్లు పక్కకు తీసి పెట్టేవాళ్లు. మరిగే నీళ్లలో ఉప్పేసి పావుగంట నానేసి, గట్టిగా పిండి, మళ్లీ చన్నీళ్లలో కడిగి ఇంకోసారి పిండితే వాసన పోతాది. పిండకుండా వేస్తే మసాలా లోపలికి పట్టదు, రబ్బరు నమిలినట్టు ఉంటాది.

జిమ్_సుబ్బు (మధ్యాహ్నం 1:15)

నానిన బరువు, ఎండు బరువు పాయింటు ఒప్పుకుంటా మేడమ్, మా జిమ్‌లో సగంమంది అదే లెక్క చెప్తారు. కానీ రెండు విషయాలు. ఒకటి, 95 అని మీరే ఇచ్చారు, అంటే 1.6 నేను అన్నది రైటేగా. రెండోది, పప్పుల ప్రొటీన్ గుడ్డు ప్రొటీన్ ఒకటి కాదు. పప్పుది ఇన్‌కంప్లీట్. దాన్ని లెక్కలోనే వేయకూడదు అని మా కోచ్ అంటాడు.

తూకంరాయి (మధ్యాహ్నం 2:40)

సగం నిజం సుబ్బూ. అన్నంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో తక్కువగా ఉండేది అన్నంలో ఉంటుంది. పులగం, పప్పన్నం, సంగటి ఊరిబిండి మన వాళ్లు ఊరికే కలపలేదు. ఒకే ముద్దలో కలవాల్సిన పని కూడా లేదు, రోజు మొత్తంలో రెండూ ఉంటే చాలు. లెక్కలోంచి తీసేయడం తప్పు, కాస్త తరుగు వేసుకోవడం సబబు. గుడ్డంత బాగా అరగవు కాబట్టి నేను 95ని 80 అనే అనుకుంటాను. అబ్బాయి అడిగింది కూడా 80.

ఇక ఎంత కావాలన్నది. హైదరాబాద్ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కలో మామూలు పెద్దవాళ్లకు కిలోకి 0.83 గ్రాములు. ధాన్యం మీద ఆధారపడి తినేవాళ్లకు, అంటే మనలాంటి వాళ్లకు, కిలోకి ఒక గ్రాము. నీ 1.6 బరువులెత్తి కండ పెంచాలనుకునేవాళ్ల సంగతి. అబ్బాయికి 60 చాలు, 80 ఉంటే మంచిది. దాటితే నష్టం లేదు, డబ్బు దండగ తప్ప.

జిమ్_సుబ్బు

60తో జిమ్‌లో ఏం పెరుగుతాడు మేడమ్. నేను ఒప్పుకోను. వాడు వెయిట్స్ ఎత్తుతున్నాడు కదా. 90 ఉండాల్సిందే, తరుగు తీసేశాక.

బైరాగిపట్టెడ_బ్యాచిలర్

తరుగు తీసేశాక 90 కావాలంటే ఇంకో రెండు గుడ్లు పెట్టుకుంటే సరిపోతుంది కదా, కొట్టుకోవడమెందుకు. 67కి 13 కలిపితే 80 రూపాయలు. వే స్కూపు ఒక్కటే డెబ్బై దాకా పడుతుంది, నేను కొన్నవాణ్ణే.

ఇంతకీ నా అన్న క్యాంటీన్ మాట ఎవరూ పట్టించుకోలేదేం?

తూకంరాయి

పట్టించుకున్నాను. మధ్యాహ్నం కొలత అన్నం 400 గ్రాములు అంటారు. అది వండిన అన్నం. బియ్యంగా చూస్తే 140 గ్రాముల దగ్గర, ఐదు వందల క్యాలరీలు. ఐదు రూపాయలకు అది ఇంకెక్కడా దొరకదు, నిజమే. కానీ సాంబారులో, కూరలో ప్రొటీన్ పెద్దగా ఉండదు. ఆ పూటకు పదిహేను గ్రాములు దాటదు. క్యారియర్ కట్టుకోలేని రోజు అక్కడ తిని, జేబులో రెండు ఉడికిన గుడ్లు పెట్టుకుపోతే సరిపోతుంది. మూడు పూటలూ అక్కడే అయితే గుడ్లు, పాలు, పప్పులు కచ్చితంగా విడిగా ఉండాలి.

ఉలవచారు

నాకు ఒక మాట ఉంది. కూలిపని చేసుకునేవాళ్ల కోసం పెట్టింది అది. ఇంటి నుంచి బియ్యం, గింజలు బస్సులో వచ్చే పిల్లోడు లైన్లో నిలబడితే వెనకాల ఒక రిక్షా ఆయనకు ప్లేటు తగ్గుతాది. నేనైతే తినను.

బైరాగిపట్టెడ_బ్యాచిలర్

అన్నా, అక్కడ ఎవరినీ కార్డు అడగరు. స్టూడెంట్లు కూడా పేదోళ్లే. నెల చివరి వారం నా అకౌంట్ చూస్తే మీరే ఐదు రూపాయలిస్తారు.

ఉలవచారు

నెల చివరి వారం తిను నాయనా, ఎవురు వద్దన్నారు. నెలంతా అంటేనే నాకు మనసొప్పదు.

లెక్కల_పిచ్చి (సాయంత్రం 5:30)

ధర గురించి చిన్న ప్రశ్న. ఒక్క గ్రాము ప్రొటీన్‌కి ఎంత పడుతోందని నేను వేసుకున్నాను. మా వీధి ధరల్లో మీల్ మేకర్ పావలా, పప్పులు, పెసరబేడలు అర్ధ రూపాయి, చెనిగింజలు అర్ధరూపాయి పైన, గుడ్డు రూపాయి పైన, పాలు రూపాయి డెబ్బై ఐదు. అలాంటప్పుడు పాలు ఎందుకు? పాలు మానేసి ఆ పద్నాలుగు రూపాయలకు మీల్ మేకర్ కొంటే 50 గ్రాముల ప్రొటీన్ కదా?

తూకంరాయి

లెక్క తప్పు లేదు, కడుపు ఒప్పుకోదు. మీల్ మేకర్ 25, 30 గ్రాముల ఎండువి దాటితే చాలామందికి గ్యాస్ పట్టి, పొట్ట ఉబ్బరిస్తుంది. నేను 25 దగ్గర ఆపింది అందుకే. గుడ్డు, పాలు పెట్టింది ప్రొటీన్ ఒక్కదానికి కాదు. పూర్తిగా ధాన్యం, పప్పుల మీద ఉన్నవాళ్లకు బి12 అందదు, అది వాటిలోనే ఉంటుంది. కాల్షియం మాత్రం రాగుల్లో బాగా ఉంది కాబట్టి ఆ మేరకు పాలు కొంత తగ్గించుకోవచ్చు. ఏ ఒక్క దానినైనా ధర చూసి రెట్టింపు చేస్తే రెండు వారాల్లో విసుగొచ్చి మళ్లీ బజ్జీల బండి దగ్గర తేలతారు, అది కూడా లెక్కలో వేసుకోవాలి.

గుడ్ల ధర మాత్రం కనిపెట్టి ఉండాలి. జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఎన్‌ఈసీసీ రోజూ చిత్తూరు రేటు విడిగా ప్రకటిస్తుంది. చలికాలంలో పెరుగుతుంది, ఎండాకాలంలో దిగుతుంది. ట్రే కొంటే విడి గుడ్డు మీద అర్ధ రూపాయి మిగులుతుంది. ధర బాగా పెరిగిన వారం ఒక గుడ్డు తగ్గించి, మరో పాతిక గ్రాముల పప్పులు తింటే ప్రొటీన్ అంతే.

పలమనేరు_కుర్రోడు (సాయంత్రం 6:50)

అక్కా, చీటీ మా నాయనకు పంపినా. "గింజలు కిలోన్నర పంపిస్తాలే, పందికొక్కులకు పోను మిగలాల గదా" అన్నాడు.

ఒక అనుమానం. పోయినసారి వచ్చిన గింజల్లో కొన్ని ముడతలు పడి, నల్లగా ఉండాయి. ఏరి పారేయాలా? వేయించితే సరిపోతాదా?

ఉలవచారు

పారేయ్. వేయిస్తే చేదు పోదు, లోపల బూజు విషం పోదు. ముడత పడింది, రంగు మారింది, నోట్లో వేస్తే చేదు తగిలింది, ఏదీ ఉంచొద్దు. ఊరిబిండి మొత్తం ఒక్క గింజతో చేదెక్కతాది. కాయగా పంపమను మీ నాయన్ను, ఒలిచిన గింజల కన్నా నిలవ ఉంటాయి. తేమ తగలని చోట పెట్టుకో.

తూకంరాయి

అవును, అందులో ఏ మొహమాటమూ వద్దు.

@నీటికుండ, ఇప్పుడు నీ సంగతి. కెటిల్‌లో గుడ్లు వద్దమ్మా. పెంకు పగిలితే సొన అడుగున మాడి, వాసన పోదు, కెటిల్ పాడవుతుంది. హాస్టల్ పక్క టీ అంగడిలో ఉడికిన గుడ్డు దొరికితే అదే మేలు. కెటిల్‌లో గుడ్లు ఉడికించకుండానే నీకు దారి ఉంది. పప్పులు, కాసిన్ని చెనిగింజలు, ఎండుమిర్చి, ఉప్పు కలిపి ఇంటి దగ్గర పొడి కొట్టించుకుని సీసాలో పెట్టుకో. మెస్ అన్నంలో మొదటి ముద్ద ఈ పప్పుల పొడితో, రెండు పెద్ద చెంచాలు. సాయంత్రం అటుకులు నీళ్లలో తడిపి పెరుగు, అరటిపండు. మీల్ మేకర్ కెటిల్ నీళ్లలో నానేసి పిండి, ఉప్పు కారం, నిమ్మకాయ పిండుకుని తినొచ్చు, దానికి వేరే వంట అక్కర్లేదు.

కానీ ఆయాసం, జుట్టు రాలడం అంటే నేను ముందు ప్రొటీన్ అనుకోను, రక్తం తక్కువేమో చూస్తాను. రుయా ఆసుపత్రిలోనో ఎక్కడైనానో హిమోగ్లోబిన్ చూపించుకో. భోజనం అయిన వెంటనే టీ తాగే అలవాటుంటే గంటన్నర ఆగి తాగు, అన్నంలోని ఇనుమును టీ పట్టనివ్వదు. రిపోర్టు చూడకుండా మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు మొదలుపెట్టకు.

నీటికుండ

మేడమ్, భోజనం కాగానే టీ, ఇంకో గంటకు మళ్లీ టీ. శనివారం పరీక్ష చేయించుకుని రిపోర్టు ఇక్కడ పెడతాను. పప్పుల పొడిలో తెల్లగడ్డ వేస్తే నిలవ ఉంటుందా?

ఉలవచారు

వేయించి వేస్తే నెల ఉంటాది అమ్మయ్యా. పచ్చిది వేస్తే వారానికే మెత్తబడతాది.

రెండు_చక్రాలు (రాత్రి 9:15)

మొత్తం చదివా. నాకు తగ్గాలి కాబట్టి ఇదే లిస్టులో అన్నం, నూనె సగం చేసుకుంటే అవుతుందా? రాత్రి జావ ఆపేస్తా, ఆకలికి నిద్ర పట్టట్లేదు.

తూకంరాయి

నీకు బియ్యం మూడో వంతు తగ్గించు, చెనిగింజలు పాతిక గ్రాములకు దించు, నూనె రెండు చెంచాలు చేయి. పెసరబేడలు, మీల్ మేకర్, గుడ్లు, కూరగాయలు ముట్టుకోకు, కూరగాయలు ఇంకా పెంచు. షుగర్, బీపీ ఏమైనా ఉంటే ముందు చెప్పు, అప్పుడు మాట వేరు.

పలమనేరు_కుర్రోడు (మరుసటి రోజు, ఉదయం 8:05)

పులగం ఉడికింది అన్నా, అడుగు కొంచెం పట్టుకుంది. నీళ్లు ఎన్ని పోయాల? నేను ఒకటికి రెండున్నర పోసినా.

ఉలవచారు

బియ్యం, బేడలు కలిపిన కొలతకు నాలుగింతలు పొయ్యి. అర్ధగంట నానినాకే స్విచ్ వెయ్యి. అడుగున నూనె ముందు పూసుకో. స్విచ్ ఎగిరినాక మూత తియ్యకుండా పది నిమిషాలు వదిలేయ్, పట్టిందంతా ఆవిరికి ఊడి వస్తాది.

జిమ్_సుబ్బు

ఆ మాడిన అడుగు కూడా తినేయ్ తమ్ముడూ, అది కూడా క్యాలరీలే. నాలుగు వారాలయ్యాక బరువు ఎంతో పెట్టు. 58 దాటకపోతే గుడ్లు నాలుగు చెయ్యమని నేను మళ్లీ వస్తా.

తూకంరాయి

58 దాటకపోతే ముందు సంచులు చూడమను సుబ్బూ. బియ్యం ఎంత మిగిలిందో చూశాక గుడ్ల సంగతి మాట్లాడుకుందాం.